2^n − 2 ని n భాగించినంత మాత్రాన n ప్రైమ్ అయిపోదు

"ఫెర్మా సిద్ధాంతం ప్రకారం 2^n − 2 ని n శేషం లేకుండా భాగిస్తే n ప్రైమే. డౌటుంటే 2 బదులు 3, 5 పెట్టి చూడండి, ఏ దొంగ నంబరైనా దొరికిపోతుంది. ప్రూఫ్ చదవక్కర్లేదు, కొన్ని నంబర్లు వేసి చూస్తే చాలు" అని కొందరంటారు.

ముందు ఆ ప్రూఫ్ సంగతే చూద్దాం, నాలుగు లైన్లది. a రంగుల పూసలున్నాయి, p పూసలు వరసగా గుచ్చాలి అనుకోండి, మొత్తం a^p వరసలొస్తాయి. అన్నీ ఒకే రంగువి a, అవి పక్కన పెట్టేయండి. మిగిలినవాటిలో ఏదో ఒకటి తీసుకుని మొదటి పూసని చివరికి జరుపుతూ పోతే ఎన్ని జరుపులకి మళ్ళీ మొదటి వరస వస్తుందో ఆ సంఖ్య p ని భాగించాలి, p ప్రైమ్ కాబట్టి అది 1 లేదా p, ఒకే రంగు కాదు కాబట్టి 1 కుదరదు. అంటే ఈ వరసలన్నీ p చొప్పున గుంపులైపోతాయి, కాబట్టి a^p − a ని p భాగిస్తుంది, ఫెర్మా సిద్ధాంతం చెప్పేది ఇదే. అంతే.

ప్రైమ్ అన్న మాట ఎక్కడ వాడామో చూశారా? 4 పూసలతో 0101 తీసుకుంటే రెండు జరుపులకే మొదటికొచ్చేస్తుంది, గుంపు సైజు 2, అక్కడే లెక్క చెడింది, 2^4 − 2 = 14 ని 4 భాగించదు. కానీ కాంపోజిట్ అయితే ఎప్పుడూ ఇలా శేషం మిగిలి తీరాలని ప్రూఫ్‌లో ఎక్కడా లేదు. పరీక్ష తప్పితే కాంపోజిట్ అన్నది పక్కా, పాసైతే ప్రైమ్ అన్నది మన ఊహ.

ఇక నంబర్లు వేసి చూడటం. 2 తో అయితే 340 వరకు ఒక్క కాంపోజిట్ కూడా మోసం చెయ్యదు, అందుకే జనం నమ్మేస్తారు. 341 = 11 × 31 దగ్గర దెబ్బ తింటారు. 2^10 = 1024 = 3 × 341 + 1, అంటే శేషం 1, దాన్ని 34 సార్లు గుణిస్తే 2^340 కి కూడా శేషం 1, కాబట్టి 2^341 కి శేషం 2. కాంపోజిటే, అయినా పాస్.

బేస్ మార్చమన్నది సగం నిజం, 341 అలాగే దొరుకుతుంది:

```
pow(3, 341, 341)   # 168
```

3 రావాల్సింది 168 వచ్చింది, కాంపోజిట్ అని తేలిపోయింది (11, 31 మాత్రం ఇది చెప్పదు, అవి వేరే వెతుక్కోవాలి).

కానీ 561 = 3 × 11 × 17 కి ఏ a వేసినా a^561 కి శేషం a దే. ఎందుకంటే 560 ని 2, 10, 16 మూడూ భాగిస్తాయి. a ని 17 భాగించకపోతే a^16 కి 17 తో శేషం 1, కాబట్టి a^560 కీ 1, భాగిస్తే రెండు వైపులా సున్నా, 3 కీ 11 కీ ఇదే మాట. ఇలా ఏ a కైనా పాసయ్యే కాంపోజిట్లని కార్మైకేల్ నంబర్లంటారు, అనంతంగా ఉన్నాయని 1994లో నిరూపించారు. అందుకే సీరియస్‌గా ప్రైమ్ చూసేవాళ్ళు మిల్లర్-రాబిన్ పరీక్ష వాడతారు, అది 561 ని 2 తోనే పట్టేస్తుంది: 2^140 కి శేషం 67, దాని వర్గానికి శేషం 1, ప్రైమ్ అయితే వర్గానికి 1 రావాలంటే 1 గానీ −1 గానీ అయ్యుండాలి, 67 ఆ రెండూ కాదు.