కోత పెట్టాల్సింది ఎక్కడో ముందు చూడండి

"పోయిన నెల బడ్జెట్ దాటేసింది, ఈ నెల బయట తిండి, షాపింగ్ పూర్తిగా ఆపేస్తే సరిపోతుందా?"

నేనూ అలాగే ఆపేశా అండీ, రెండు వారాలకే విసుగొచ్చి మళ్ళీ డబుల్ ఖర్చు పెట్టా. తర్వాత కూర్చుని స్టేట్‌మెంట్ లైను లైనుగా చూస్తే అసలు సంగతి తెలిసింది, జీతం 100 అనుకుంటే ఖర్చు 118, అందులో బయట తిండి వల్ల పెరిగింది 2 మాత్రమే, మిగతా 16లో 12 ఏడాదికోసారి కట్టే ఇన్సూరెన్స్ ప్రీమియం, 4 బండి రిపేరు. అంటే తప్పు నా నాలుకది కాదు, ప్రీమియానికి బడ్జెట్‌లో అసలు గడే లేదు 😀 ఆ 18 కార్డు మీద పడింది కాబట్టి వడ్డీ పెరక్కుండా ముందు సేవింగ్స్‌లోంచి మొత్తం కట్టేసి, నెలకి 6 చొప్పున మూడు నెలల్లో సేవింగ్స్‌లో తిరిగి వేసుకున్నా. ప్రీమియం కోసం ఇప్పుడు జీతం రాగానే 1 వేరే అకౌంట్‌లోకి వెళ్ళిపోతుంది. రిపేర్లకి మాత్రం ఇంకా సరైన అంచనా కుదర్లేదు, ప్రస్తుతానికి పోయిన ఏడాది మొత్తాన్ని 12తో భాగించి పక్కన పెడుతున్నా.