1.80 అంటే 80 శాతం కాదు మహాప్రభో

“ఆడ్స్ చదవడం చిటికెలో పని. 1.80 ఉంటే గెలిచే ఛాన్స్ 80 శాతం. 5/2 అంటే ఐదింట రెండు, 40 శాతం. -150 అంటే ఓడిపోయే టీమ్. రెండు పక్కలా 1.90 ఉంటే ఫిఫ్టీ ఫిఫ్టీ. అందరికీ పంపండి.”

ఆడ్స్ అంటే పందెంలో బుకీ ఇచ్చే రేట్లు. వాటి మీద వచ్చిన ఈ మెసేజ్‌ని అందరికీ పంపారు. బెంగళూరులో మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఏ తెలుగు గ్రూపు తెరిచినా ఇదే. పంపేవాళ్లలో సగం మంది పొద్దస్తమానం ఎక్సెల్ ముందు కూర్చునేవాళ్లే కావడం చిత్రం.

మైనస్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. అమెరికన్ ఆడ్స్‌లో -150 ఫేవరెట్, అంటే గెలుస్తుందనుకునే టీమ్. 100 లాభం కోసం 150 పెట్టాలి, కాబట్టి 150ని 250తో భాగిస్తే 60 శాతం. +150 అయితే 100 పెడితే 150 లాభం. 100ని 250తో భాగించండి, 40 శాతం.

5/2 గురించి రాసినవాడు రేస్ కోర్సులో బుకీ బోర్డు ముందు ఎప్పుడూ నిలబడలేదని తెలుస్తూనే ఉంది. రెండు పెడితే లాభం ఐదు, అసలుతో కలిపి ఏడు. ఛాన్స్ 2/7, అంటే 28.6 శాతం. వాడి లెక్కే నిజమైతే 2/5 ఉన్న గుర్రం రెండింట ఐదు గెలవాలి. 250 శాతం! ఆ గుర్రాన్ని చూడాలని ఉంది.

జేబుకి చిల్లు పెట్టేది మాత్రం ఆ 1.80. వంద పెట్టి గెలిస్తే అసలుతో కలిపి 180 చేతికొస్తుంది. ఆ 80 లాభం, ఛాన్స్ కాదు. ఛాన్స్ కావాలంటే 1ని 1.80తో భాగించాలి: 55.6 శాతం. నమ్మకం లేకపోతే వందేసి చొప్పున వంద పందేలు వేసి చూడండి, కాగితం మీదే. పెట్టింది 10,000. 55 గెలిస్తే తిరిగొచ్చేది 9,900, వంద నష్టం. 56 గెలిస్తే 10,080. నిజంగా 80 గెలిస్తే 14,400 రావాలి. పదివేలకి 4,400 ఊరికే పంచిపెట్టే ధర్మాత్ముడు ఏ బుకీల్లో ఉన్నాడో చెబితే మేమూ వస్తాం. పైగా ఈ సూత్రం తిరగబడి నడుస్తుంది. 1.20 గట్టి ఫేవరెట్, 83.3 శాతం. మెసేజ్ చదివినవాడికి అది 20 శాతంలా కనిపిస్తుంది. 3.00 దగ్గరికొస్తే 200 శాతం!

ఇక 1.90. ఒప్పుకోక తప్పదు, ఇది సగం కరెక్టే. ఒక్కో పక్క 52.63, రెండూ కలిపితే 105.26. ఆ పైనున్న 5.26 బుకీ వాటా. 52.63ని 105.26తో భాగిస్తే సరిగ్గా 50 వస్తుంది, అంటే బుకీ దృష్టిలో మ్యాచ్ ఫిఫ్టీ ఫిఫ్టీయే. కాకపోతే నష్టం రాకూడదంటే మీరు గెలవాల్సింది 50 కాదు, 52.63 శాతం. పై 1.80కీ ఇదే వర్తిస్తుంది. అవతలి పక్క 2.00 ఉందనుకోండి, 55.56కి 50 కలిపితే 105.56. 55.56ని 105.56తో భాగించి వాటాని రెండు పక్కలా దామాషా ప్రకారం తీసేస్తే ఆ 80 శాతం టీమ్‌కి మిగిలేది 52.6.