సవరణ: చెమట చేతుల మెషీన్‌కి ఆర్వో నీళ్లు వద్దు

అయాంటోఫోరెసిస్ అంటే నీళ్ల ట్రేల్లో చేతులు పెట్టి, కొద్దిపాటి కరెంటు పంపి చెమట తగ్గించే చికిత్స. “అయాంటోఫోరెసిస్ ట్రేల్లో ఆర్వో నీళ్లే పోయండి, శుభ్రంగా ఉంటాయి” అని మొన్నటి పోస్టులో ఉంది.

అది తప్పు. ఆర్వో ఫిల్టర్‌లో లవణాలు చాలావరకు పోతాయి, అవి లేని నీళ్లలో కరెంటు సరిగా పారదు. చర్మవైద్యుల సూచనల్లో ఉండేది కుళాయి నీళ్లే. హైదరాబాద్‌లో బకెట్లకు తెల్లచార పట్టించే బోరు నీళ్లు దీనికి భేషుగ్గా పనికొస్తాయి. ఆర్వో తప్ప వేరే దిక్కులేకపోతే ట్రేకి అర చెంచా వంటసోడా కలపండి.

నాబ్ ఎంత తిప్పినా మీటరు పైకి లేవక, అరచేతుల్లో చిమచిమ తెలియకపోతే ముందు నీళ్లనే అనుమానించండి. అరచేతులకు మామూలుగా 15 నుంచి 20 మిల్లీయాంపియర్లు, 20 నుంచి 30 నిమిషాలు, వారానికి మూడుసార్లు. చెమట తగ్గాక వారానికొకసారి చాలు; మానేస్తే మళ్లీ మొదలవుతుంది. పాదాలకూ ఇదే పద్ధతి, కరెంటు కాస్త ఎక్కువ పడుతుంది.

ఉంగరాలు, మెట్టెలు తీసేయండి. గాట్లుంటే వాజలిన్ రాయండి, లేదంటే అక్కడే చురుక్కుమంటుంది. కరెంటు సున్నాకి తేకుండా చేయి బయటికి తీస్తే షాక్ కొట్టినట్టవుతుంది. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు వాడకూడదు. ఒంట్లో లోహపు రాడ్లుంటే డాక్టర్‌ని అడిగాకే.