ఎర్ర గుండ్రం ఇంచు కదలదు, బ్లర్ మాత్రం ఆటో ఎక్కి పోతుంది

మా కాలనీ గ్రూపులో ఇందాక ఒక వీడియో వచ్చింది. హన్మకొండలో మైకు పట్టుకుని తిరిగే ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ళది. పేరు చెప్పను, చెప్తే దానికీ నాలుగు వ్యూస్ వస్తాయి. నయీంనగర్ దగ్గర స్కూటీకి వెనక నుంచి బైక్ తగిలి తల్లీబిడ్డా కింద పడ్డారు. దేవుడి దయ, మోకాళ్ళు గీరుకోవడం తప్ప ఏమీ కాలేదు. పిల్ల స్కూల్ యూనిఫాంలో రోడ్డు పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆ ఏడుపే వీళ్ళకు న్యూస్.

పిల్ల ముఖం బ్లర్ చేశారు. చేశారు అంటే, పని అయిపోయినట్టు చేతులు దులుపుకున్నారు. మొదట్లో బ్లర్ బాగానే ఉంది. ఇంతలో కెమెరాకూ పిల్లకూ మధ్య నుంచి ఒక ఆటో పోయింది. అంతే, చెరువులో వదిలిన బతుకమ్మ లాగా మన బ్లర్ కూడా ఆటోతో పాటు మెల్లగా సాగిపోయింది. పిల్ల ముఖం మాత్రం ఉన్నచోటే ఉంది, ఎండలో, నిక్కచ్చిగా, కన్నీళ్ళతో సహా.

నేను వెంటనే ఆ ఛానల్ తమ్ముడికి ఫోన్ చేశాను. ఏమన్నాడో తెలుసా? "ఒక్క సెకనే కదనే అన్నా, ఎవలు జూస్తరు గంత పట్టిపట్టి?"

ఒక్క సెకను అంటే 25 ఫ్రేములు నాయనా. 25 ఫొటోలు. ఫోన్లో వేలితో వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీసుకోవడానికి ఒక్క ఫ్రేము చాలు. మిగిలిన వీడియో అంతా ఎంత బాగా బ్లర్ చేసినా, ఆ ఒక్క ఫ్రేము బయట పడితే బ్లర్ చేయనట్టే లెక్క. దీంట్లో నూటికి తొంభై మార్కులు అనేది ఉండదు.

నేను పెళ్ళి వీడియోలు, షాపుల యాడ్లు, మధ్యమధ్యలో ఇలాంటి ఛానళ్ళ పని ఎడిట్ చేసి బతికేవాణ్ణి. కాబట్టి అక్కడ ఏం జరిగిందో చూడగానే తెలిసిపోయింది. మొదటి ఫ్రేములోనే ముఖం మీద, బ్లర్ ఎంత మేర పడాలో చెప్పే ఒక గుండ్రటి మాస్క్ గీశాడు, ట్రాక్ ఫార్వర్డ్ నొక్కాడు, చాయ్ తాగడానికి పోయాడు. ట్రాకర్‌కు అది పిల్ల ముఖమని తెలియదు. మాస్క్ లోపల ఉన్న మచ్చలు, అంచులు, వెలుతురు తేడాలు పట్టుకుని తర్వాతి ఫ్రేములో అవి ఎటు జరిగాయా అని వెతుకుతుంది. ఆటో అడ్డం రాగానే లోపల ముఖానికి బదులు పసుపు రేకు, నల్ల టాపు కనిపించాయి. వాటిని పట్టుకుని వాటి వెంటే పోయింది. దాని తప్పేం లేదు. చాయ్ తాగడానికి పోయినవాడి తప్పు.

సరిగా చేయాలంటే ఏం కష్టం? డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్లోనే మాస్క్ గీసుకునే పవర్ విండో ఉంది, ట్రాకర్ ఉంది. పైసా ఖర్చు లేదు. మొదటి ఫ్రేము నుంచే మొదలుపెట్టాలని ఎవరూ చెప్పలేదు. ముఖం పెద్దగా, తేటగా కనిపించే ఫ్రేముకు పోయి అక్కడ మాస్క్ గీయాలి. ముక్కూ కళ్ళూ కప్పితే చాలదు, జుట్టు దగ్గర నుంచి గడ్డం కింద దాకా, చెవులతో సహా రావాలి. ఎందుకంటే అంచుల్లో సాఫ్ట్‌నెస్ పెడతాం కదా, ఆ మేర బ్లర్ పలచబడి లోపలిది తొంగి చూస్తుంది. అక్కడి నుంచి ముందుకోసారి, వెనక్కోసారి ట్రాక్ చేయాలి.

ఆటో వచ్చే ముందు ఫ్రేములో ట్రాక్ ఆపేయాలి. ఆపడం మరిచిపోయినా ఫర్వాలేదు, కింద గ్రాఫ్‌లో అప్పటిదాకా నున్నగా పోతున్న గీత అక్కడ ఒక్కసారిగా ఎగిరిపడుతుంది, లేదా ఏటవాలుగా ఒక పక్కకు జారిపోతుంది. ఆ ముక్క చెరిపేసి, ఫ్రేమ్ మోడ్‌లోకి పోయి, మాస్క్ ఎక్కడుండాలో గుర్తు పెట్టే కీఫ్రేము ఆటో రాకముందు ఒకటి, ఆటో పోయి ముఖం మళ్ళీ కనిపించిన చోట ఇంకొకటి చేత్తో పెట్టాలి. అక్కడి నుంచి మళ్ళీ ట్రాక్. మధ్యలో మాస్క్ ఆటో మీద ఉంటే ఉండనీ. ఆటో రేకు మసకైతే ఎవడి పరువూ పోదు. ముఖం ఆటో వెనక నుంచి బయటపడే మొదటి ఫ్రేముకల్లా మాస్క్ అక్కడ సిద్ధంగా ఉండాలి, అంతే. ఫ్రేము ఫ్రేముగా యారో కీతో జరుపుకుంటూ పోతే ఒక చాయ్ చల్లారేంత పని.

ఇంతా చేశాక టైమ్‌లైన్ మీద కాదు, ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్ తెరిచి చూడాలి. ముఖ్యంగా కోతల దగ్గర. ట్రాక్ అంతా అయిపోయాక ఎవరో అందం కోసం, ఒక సీను కరిగిపోతూ ఇంకోటి తేలేలా డిజాల్వ్ వేస్తారు. దాంతో క్లిప్ అసలు కోత దాటి ఇంకొన్ని ఫ్రేములు బయటికి వస్తాయి, మనం ట్రాక్ చేసినప్పుడు లేనివి. ముఖం సగం మాయమవుతూ సగం బ్లర్ లేకుండా కనిపిస్తుంది.

కానీ నా కడుపు మండింది దీనికి కాదు. వీడియో చివర అదే సీను స్లో మోషన్‌లో మళ్ళీ వేశారు. అసలు ఫుటేజీ నుంచి కొత్తగా తెచ్చి అతికించారు కాబట్టి దాని మీద బ్లర్ లేనే లేదు. పైగా పిల్ల తల చుట్టూ ఎర్ర గుండ్రం! ఆ గుండ్రం చూడాలి మీరు. పిల్ల తల ఎటు తిప్పితే అటు తిరుగుతోంది, కెమెరా ఊగితే దాంతో పాటు ఊగుతోంది, ఆటో వచ్చినా చెక్కుచెదరలేదు. ఎంత చక్కటి ట్రాకింగో! అంటే పని రాదని కాదు. గుండ్రం పెట్టినంత శ్రద్ధగా పెడితే ఆ గుండ్రం లోపలే బ్లర్ కూడా కూర్చునేది.

ఇక థంబ్‌నెయిల్. వీడియోలో ఏం దాచారో అదే థంబ్‌నెయిల్‌లో పెద్దది చేసి పెట్టారు. పిల్ల ఏడుస్తున్న ముఖం, పక్కన నోరు తెరిచిన ఎమోజీ. వీడియో తెరవనివాళ్ళకు కూడా కనిపించే బొమ్మ అదొక్కటే కదా స్వామీ.

స్కూటీ నంబర్ ప్లేట్ సంగతి ఇంకో కామెడీ. దాని మీద పొగమంచు లాంటి పలచటి బ్లర్ వేశారు. మొదట TG 03 అనో TS 03 అనో ఉంటుందని హన్మకొండలో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. మిగిలింది ఒకటి రెండు అక్షరాలు, నాలుగు అంకెలు. ముఖం లాగా కాదు ఇది, అంకెలు పదే, వాటి ఆకారాలు అందరికీ తెలుసు. ఎనిమిదికి బ్లర్ వేస్తే ఎలా ఉంటుందో, ఒకటికి వేస్తే ఎలా ఉంటుందో పోల్చి చూసి చదివేయవచ్చు. గళ్ళు గళ్ళుగా మొజాయిక్ వేసినా, బండి కదులుతుంటే ఒక్కో ఫ్రేములో గళ్ళు ఒక్కో చోట పడి, అన్నీ కలిపి చూసుకునేవాడికి కొంచెం కొంచెం సమాచారం ఇస్తూనే ఉంటాయి. ప్లేటుకు బ్లర్ ఎందుకసలు? నాలుగు మూలల మాస్క్ గీసి, బండి తిరిగేటప్పుడు ప్లేటు వంపుతో పాటు మాస్క్ కూడా వంగేలా పర్‌స్పెక్టివ్‌తో ట్రాక్ చేసి, లోపల ఒకే రంగు నింపేయండి. నల్ల డబ్బా అందంగా ఉండదట. ఎర్ర గుండ్రం, నోరు తెరిచిన ఎమోజీ మాత్రం అందం!

ప్లేటూ ముఖమూ కప్పినా, పిల్ల బ్యాగు మీద స్కూల్ పేరు అరచేతి అంత అక్షరాలతో ఉంది. గుంపులో ఒక పెద్దమ్మ తల్లిని పేరు పెట్టి పిలిచి "బిడ్డకు ఏం గాలేదు గదా?" అని అడగడం తేటగా వినిపిస్తోంది. అక్కడ బీప్ లేదు. యూనిఫాం, బ్యాగు, తల్లి పేరు ఉన్నాక ఇక ముఖం ఎవరికి కావాలి? నేరంలో బాధితులైన పిల్లల గురించి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ పేరు, చిరునామాతో పాటు స్కూలును కూడా విడిగా చెప్పి మరీ బయట పెట్టొద్దంది. చట్టం రాసినవాళ్ళకు తెలిసింది, మైకు పట్టుకున్నవాళ్ళకు తెలియదు.

తీసేయమంటే "వ్యూస్ పోతయన్నా" అన్నాడు. పోవు. యూట్యూబ్ స్టూడియోలో ఎడిటర్ తెరిచి బ్లర్ అని నొక్కితే, ఎక్కించిన వీడియోకే ముఖాల బ్లర్, మనం గీసుకునే బ్లర్ రెండూ వేసుకోవచ్చు. అది వస్తువు వెంట కదిలేలా కూడా పెట్టుకోవచ్చు. లింకు అదే ఉంటుంది, వ్యూస్ అవే ఉంటాయి. ప్రాసెసింగ్‌కు టైం పడుతుంది, అంతలోపు వీడియోను ప్రైవేట్‌లో పెట్టుకుంటే సరి. ఇదంతా ఫోన్లోనే చెప్పాను. "సూస్తనే" అన్నాడు. సూస్తడు.

అసలు వీళ్ళకు బ్లర్ విలువ తెలియదంటే నేను నమ్మను. ఈ తమ్ముడే ఒకప్పుడు నా పక్కన కుర్చీ వేసుకుని అర్ధరాత్రి దాకా కూర్చున్నాడు. ఏదో ధర్నా వీడియో. వెనకాల ఒక నాయకుడి మనుషుల కారు ఆగి ఉంది, దాని ప్లేటు కనిపించొద్దు. "అన్నా, గా ఫ్రేములో చివరి అంకె కొస కనిపిస్తాంది సూడు", "అన్నా, షాపు అద్దంల కూడా కారు కనిపిస్తాంది, గది గూడ కొట్టు." అద్దంలో నీడను కూడా వదల్లేదండీ! ప్రతి కోత దగ్గరా ఆపి ఆపి చూశాడు. ఎక్స్‌పోర్ట్ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చూశాడు. ఆ రోజు ఒక్క సెకనే కదా అనలేదు.

అదే ధర్నాలో ముందు వరుసలో కూర్చున్న కూలి ఆడవాళ్ళ ముఖాలు కూడా కప్పుదామా, పాపం పనిలోకి రానివ్వరేమో అన్నాను. "వాళ్ళకేం అయితదే" అన్నాడు.

ఇక డబ్బుల దగ్గరికొస్తే, "బ్లర్‌కు కూడా పైసలాన్నా? ఒక ఎఫెక్ట్ వేసుడే కదా" అంటాడు. ఎఫెక్ట్ వేసుడే అయితే నువ్వే వేసుకోవచ్చు కదా, నన్నెందుకు అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టావు? ఆ కారు పనికి సగమే ఇచ్చాడు. మిగతాది దసరాకన్నాడు. దసరా అయ్యాక సంక్రాంతికన్నాడు. ఇప్పుడడిగితే సమ్మక్క జాతర అయినంక సూద్దామంటున్నాడు.