ముందు చెయ్యి ఊపమనండి, తర్వాత మ్యూట్ చేయండి

మొన్న మన ఉగాది సభలో ఆ పెద్దాయన చదివిన పద్యం ఎవరికీ వినపడలేదు. ఇండియాలో ఉన్న తల్లిదండ్రుల్ని కూడా జూమ్‌లో కలుపుదామని మన సంఘం మంచి మనసుతో చేసిన ఏర్పాటు అది. హాల్లో కూర్చున్న వాళ్లందరం పెద్ద తెర మీద ఆయన పెదవులు కదలడం చూశాం. చేతిలో కాగితం లేదు, అంతా నోటికే వచ్చు. "సార్, యూ ఆర్ ఆన్ మ్యూట్" అన్నారు వ్యాఖ్యాత. ఆయన ఆపి, ఫోన్ మీద ఏదో నొక్కి, మళ్లీ మొదటి పాదం నుంచి అందుకున్నారు. అప్పుడూ వినపడలేదు. "ఆడియో ప్రాబ్లం ఉన్నట్టుంది, నెక్స్ట్ ఐటమ్‌కి వెళ్దాం" అన్నారు. నా వెనక వరసలో ఎవరో "పాపం, పెద్దాయనకి ఇవన్నీ రావు" అన్నారు.

సభ అయ్యాక కంప్యూటర్ దగ్గర కూర్చున్న అబ్బాయిని అడిగాను. అందరినీ ఒకేసారి మ్యూట్ చేసేటప్పుడు Allow participants to unmute themselves అన్న చోట టిక్కు తీసేశారట, గోల లేకుండా ఉంటుందని. ఆ టిక్కు తీసేస్తే అవతలివాళ్లు ఏ బటన్ నొక్కినా మైకు తెరుచుకోదు. ఇక్కడి నుంచి హోస్ట్ అడిగితేనే తెరుచుకుంటుంది. ఎవరూ అడగలేదు. అంటే ఆయనకి రాకపోవడం కాదు, మనం తలుపు వేసేసి ఆయన్ని లోపలికి రమ్మన్నాం. నాకు బాధ కలిగింది అందుకే.

పెద్దవాళ్లకి బటన్లు నేర్పాలని చాలామంది అంటున్నారు. నేర్పడం మంచిదే. కానీ ఫంక్షన్ రోజున వాళ్ల చేత ఎంత తక్కువ నొక్కిస్తే అంత మంచిది. మిగతాదంతా ఆహ్వానించినవాళ్లు చేయాలి, చెప్పాల్సిన నాలుగు మాటలూ ముందే రాసుకుని తెలుగులో నెమ్మదిగా చెప్పాలి. ఇది మా ఇంట్లో చేసి చూసిన పద్ధతి.

మా అమ్మాయి కొడుకు అన్నప్రాశన పోయిన వేసవిలో న్యూజెర్సీలో జరిగింది. ముహూర్తం మాకు ఉదయం 10 గంటలకి, అంటే తెనాలిలో సాయంత్రం 7.30కి. మావయ్య బంగారు ఉంగరంతో పరమాన్నం నాకించడం ఒక ఎత్తు, ఆ తర్వాత పుస్తకం, కలం, బంగారం, పువ్వు, కత్తి ముందు పెట్టి పిల్లాడు దేన్ని ముట్టుకుంటాడో చూడటం ఇంకో ఎత్తు. ఆ రెండో ఘట్టం కోసమే అందరూ కళ్లప్పగించి చూస్తారు. అది ఒక్క క్షణమే ఉంటుంది, మళ్లీ చేద్దామంటే కుదరదు.

స్పీకర్ వ్యూలో ఎవరి వైపు నుంచి శబ్దం వస్తే వాళ్ల బొమ్మ పెద్దదవుతుంది. పిల్లాడు పాకుతున్నప్పుడు హైదరాబాదులో పిన్ని వాళ్లింట్లో కుక్కర్ కూత వేసిందనుకోండి, అందరికీ పిల్లాడు పోయి పిన్ని వాళ్ల వంటిల్లు కనిపిస్తుంది. దీనికి పెద్దవాళ్ల దగ్గర నొక్కాల్సిన బటన్ ఏమీ లేదు. హోస్ట్ మన కెమెరాని స్పాట్‌లైట్ చేస్తే ఎవరు మాట్లాడినా బొమ్మ మారదు. పిన్ అని ఇంకొకటి ఉంటుంది, అది నొక్కిన వాళ్ల తెర మీదే పని చేస్తుంది. ఈ తేడా తెలియక హోస్ట్ తన దగ్గర పిన్ చేసుకుని, అందరికీ బాగానే కనిపిస్తోందని అనుకోవడం నేను చాలా ఫంక్షన్లలో చూశాను.

పిలుపులో 7.30 అని రాయకుండా 7 గంటలకి రమ్మని రాశాం. ఆ అరగంటలో మొదటి భాగం పలకరింపులకే. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒకళ్లనొకళ్లు చూడగానే "భోజనాలయ్యాయా, మోకాళ్లెలా ఉన్నాయి" అని మొదలుపెడతారు, మంత్రాల మధ్యలో కూడా ఆపరు. దీని మీద నాకు మొదటి నుంచీ చిరాకే. కానీ రెండేళ్లుగా కలవని అక్కచెల్లెళ్లు తెర మీద కనిపిస్తే మాట్లాడుకోకుండా ఎలా ఉంటారు? ఆ మాటలకి ముందే చోటిస్తే తర్వాత మ్యూట్ చేసినా ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఒక జాగ్రత్త: ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకి ఆగిపోతుంది, కాబట్టి ఇలాంటి వాటికి డబ్బు కట్టిన ఖాతా ఉండాలి.

పలకరింపులయ్యాక మా అమ్మాయి చదివిన మాటలు ఇవి. ఒక్కో వాక్యానికీ మధ్య ఆగుతూ చదివింది.

"అందరికీ నమస్కారం. అమ్మమ్మా, పెద్దమ్మా, బాబాయ్ గారూ, అత్తయ్య గారూ, అందరూ బాబుని ఆశీర్వదించడానికి వచ్చారు, చాలా సంతోషం. మీరిప్పుడు ఏమీ నొక్కొద్దు. నా మాట వినపడుతుంటే ఒకసారి చెయ్యి ఊపండి చాలు."

ఇక్కడ ఆగి చూడాలి. చెయ్యి ఊపడానికి బటన్ అక్కర్లేదు. ఊపినవాళ్లకి మాట వినపడుతోందని, వాళ్ల కెమెరా పని చేస్తోందని ఒకేసారి తెలిసిపోతుంది. ఊపనివాళ్ల పేరు పాల్గొన్నవాళ్ల జాబితాలో చూడండి. పేరు పక్కన మైకు మీద ఎర్ర గీత ఉంటే మ్యూట్‌లో ఉన్నారు, మాట వినపడుతూనే ఉండొచ్చు. అసలు మైకు గుర్తే లేకపోతే వాళ్లు ఆడియోలోకి రాలేదు, లింకు నొక్కాక వచ్చిన ప్రశ్నకి జవాబివ్వకుండా వదిలేశారు. వాళ్లకి బొమ్మ కనిపిస్తుంది, మాట వినపడదు. అలాంటివాళ్లకి మైకులో ఎంత గట్టిగా చెప్పినా లాభం లేదు.

అందుకే హోస్ట్ పక్కన ఇంకొకరు ఫోన్ పట్టుకుని ఉండాలి. మా ఇంట్లో ఆ పని మా తమ్ముడు చేశాడు. తెనాలిలో మా పెదనాన్న గారు చెయ్యి ఊపలేదు, మైకు గుర్తు లేదు. జూమ్ నడుస్తున్న ఆ ఫోన్‌కే కాల్ చేస్తే ఉన్న కాస్త కనెక్షనూ చెదిరిపోతుంది, కాల్ పెట్టేశాక ఆడియో మళ్లీ కలపాల్సి వస్తుంది. అందుకని ప్రతి ఇంట్లో రెండో ఫోన్ నంబరు ముందురోజే రాసి పెట్టుకున్నాడు. పెద్దమ్మ ఫోన్‌కి చేసి, "తెర మధ్యలో ఒకసారి తాకమనండి, కింద బొమ్మలు వస్తాయి, ఎడమ చివరది నొక్కి, Wifi or Cellular Data అని వస్తే దాన్ని నొక్కమనండి" అన్నాడు. నిమిషంలో పెదనాన్న గారు చెయ్యి ఊపారు.

తెర మధ్యలో తాకడం అన్న మాట మరిచిపోకూడదు. ఫోన్‌లో ఆ బటన్లు కాసేపటికి వాటంతటవే కనిపించకుండా పోతాయి. "కింద మైకు బొమ్మ ఉంది చూడండి" అని మనం అంటుంటాం, వాళ్ల తెర మీద ఏ బొమ్మా ఉండదు. వాళ్లు చెప్పేది నిజమే, మనమే నమ్మం.

మిగతా మాటలు ఇలా సాగాయి:

"ఇప్పుడు నేనే అందరి మైకులూ ఆపేస్తాను. మీ తప్పేమీ లేదు, మంత్రాలు అందరికీ వినపడాలని. మీరు మాట్లాడేది ఇక మాకు వినపడదు, మేము మాట్లాడేది మీకు వినపడుతుంది. ఆశీర్వచనాలప్పుడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాను. అప్పుడు మీ తెర మీద చిన్న పెట్టె వస్తుంది. అందులో Unmute అన్న మాట నొక్కి మాట్లాడండి. తొందరేం లేదు, మీరు మాట్లాడేదాకా ఆగుతాం."

"ఇప్పుడు మీకు పీట మీద బాబు పెద్దగా కనిపిస్తుంటే చెయ్యి ఊపండి. చిన్న చిన్న గళ్లలో నలుగురు కనిపిస్తుంటే, వేలితో తెర మీద ఎడమ నుంచి కుడికి ఒక్కసారి జరపండి. ఒక్కసారే. బాబు కనిపించాక ఇక తెర ముట్టుకోవద్దు."

ఒక్కసారే అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. కొన్ని ఫోన్లలో అదే వైపు మళ్లీ జరిపితే కారు నడిపేవాళ్ల కోసం పెట్టిన తెర వస్తుంది. బొమ్మలన్నీ పోయి ఒక పెద్ద బటన్ మాత్రం మిగులుతుంది. లైన్ కట్ అయిందనుకుని వాళ్లు బయటికి వెళ్లిపోతారు. రెండో వైపు జరిపితే మామూలుగా అవుతుంది.

కెమెరా సంగతి ముందురోజే తేల్చేయాలి. ఫోన్‌ని ఒక డబ్బాకి ఆనించి నిలబెట్టి, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుంటే చాలు. ఒకే గదిలో రెండు ఫోన్లతో కలిస్తే గీ మని కూత వస్తుంది, ఒకదాని మైకూ స్పీకరూ ఆపేయాలి. మన వైపు ఇంకోటి చూసుకోవాలి: నేపథ్య శబ్దాన్ని తీసేసే పద్ధతి గంటనీ నాదస్వరం రికార్డునీ కూడా శబ్దమే అనుకుని తుంచేస్తుంది. Original sound for musicians అన్నది పెట్టుకుంటే బాగా వినపడతాయి.

ఆశీర్వచనాలప్పుడు మా అమ్మాయి పెద్దవాళ్ల నుంచి మొదలుపెట్టి వరసలో పిలిచింది. అందరి మైకులూ ఒకేసారి తెరిస్తే మాట మీద మాట పడి ఎవరి దీవెనా పూర్తిగా వినపడదు. 82 ఏళ్ల పెదనాన్న గారికి పెట్టె కనిపించడానికి కొంచెం సేపు పట్టింది. అందరం ఆగాం. తర్వాత శతమానం భవతి మొత్తం స్వరంతో చెప్పారు.

దీనికి అభ్యంతరాలు నాకు తెలుసు. 200 మంది ఉన్న సభలో ఒక్కొక్కరి కోసం ఆగితే కార్యక్రమం సాగదు. ఒక్క మైకు తెరిచి ఉన్నా హాలంతా ఎకో వస్తుంది. వ్యాఖ్యాతలు కూడా ఉద్యోగాలు చేసుకుంటూ వీలు చూసుకుని వచ్చేవాళ్లే. పెళ్లి లాంటి పెద్ద వేడుకకి యూట్యూబ్ లైవ్ పెడితే పెద్దవాళ్లు ఏమీ నొక్కకుండా హాయిగా చూస్తారు, అది సబబే. కానీ వాళ్లని మాట్లాడమని పిలిచినప్పుడు మాత్రం లైవ్ పనికిరాదు. మాట్లాడమని పిలిచి మైకు మూసి ఉంచడం అంతకన్నా తప్పు.

మన కార్యవర్గాన్ని నేను వేడుకునేది ఇదే. దీపావళి సభలో ఇండియా నుంచి మాట్లాడే వాళ్లు ఎంతమంది ఉంటారు, మహా అయితే పది మంది. ఆ పది మంది ఇళ్లకి రెండో ఫోన్ నంబరు తీసుకోండి. ఆ పనికే ఒక మనిషిని పెట్టండి. ముందురోజు ఒక్కొక్కరితో అయిదు నిమిషాలు చేసి చూడండి. వ్యాఖ్యాత చేతిలో పై మాటలు తెలుగులో రాసి పెట్టండి. ఎవరికైనా మైకు తెరుచుకోకపోతే "నెక్స్ట్" అనేముందు మన వైపు టిక్కు ఉందో లేదో చూడండి.

ఈ స్క్రిప్టు కావలసినవాళ్లు వరసలూ పేర్లూ మార్చుకుని వాడుకోండి. ఐప్యాడ్‌లో బటన్లు వేరే చోట ఉండొచ్చు, లాప్‌టాప్‌లో స్పీకర్ వ్యూ పైన కుడి వైపు View అన్న చోట ఉంటుంది. ఆ ఇళ్లవాళ్లకి చెప్పే వాక్యాలు వేరుగా రాసుకోవాలి. ఫోన్‌లో యాప్ మారినప్పుడల్లా బొమ్మల చోటు కూడా మారుతుంటుంది, కాబట్టి ఫంక్షన్ ముందు వారం వాళ్ల తెర ఎలా ఉందో మనవల చేత ఫోటో తీయించి పంపమనండి.