రెండు కోట్ల లోటు వెనుక మూడున్నర కోట్ల హక్కు

విశాఖ శివారులో రొయ్యల శుద్ధి ప్లాంటు కట్టాలని ఒకరు డీపీఆర్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లారనుకుందాం. పెట్టుబడి 42 కోట్లు. రాబోయే ఆదాయాల నేటి విలువ 40 కోట్లు. రెండు కోట్లు లోటు. ఫైలు మూసేస్తారు. అలా మూసేయడం తప్పని నా వాదన. ఆ ప్లాంటు పక్కనే ఖాళీ స్థలం ఉంది. రెండేళ్లు గడిచాక, మార్కెట్ బాగుంటే ఇంకో 20 కోట్లు పెట్టి సామర్థ్యాన్ని సగం మేర పెంచుకోవచ్చు. బాగోలేకపోతే ఆ పైసలు ఖర్చే పెట్టక్కర్లేదు. డీపీఆర్‌లో ఈ హక్కుకు గడే లేదు.

ఈ హక్కుకు ధర కట్టే పద్ధతిని 1979లో ఆర్థికవేత్తలు కాక్స్, రాస్, రూబిన్‌స్టైన్ ఇచ్చారు. ప్లాంటు విలువ ఏటా 25 శాతం పెరుగుతుంది, లేదా 20 శాతం తగ్గుతుంది అనుకుంటాం. ఏటా ఇలా రెండుగా చీలే దారులను చెట్టులా గీస్తే, పెరగడం పైకొమ్మ, తగ్గడం కింది కొమ్మ. అమెరికా సుంకం 2025 ఆగస్టులో 50 శాతానికి చేరడం చూసిన రొయ్యల వ్యాపారికి ఈ కింది కొమ్మ గురించి విడమరచి చెప్పనక్కర్లేదు. రెండేళ్లకు 40 కోట్లు 62.5 అవుతాయి, లేదా మళ్లీ 40కే వస్తాయి, లేదా 25.6కి జారతాయి. విస్తరణతో కలిసేది ఆ విలువలో సగం. పైకొమ్మలో 31.25 కోట్లు వస్తాయి, 20 తీసేస్తే 11.25 కోట్లు మిగులు. మధ్యలో మిగులు సున్నా. కింద నష్టమే కాబట్టి కట్టరు.

పైకొమ్మకు ఎంత సంభావ్యత వేయాలన్నది అసలు ప్రశ్న. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. "మార్కెట్ పెరిగే అవకాశం 70 శాతం" అని తమ అంచనా పెట్టి, ప్లాంటు ఆదాయాలను నేటి విలువకు తగ్గించడానికి వాడిన 11.5 శాతం రేటుతోనే దీన్నీ డిస్కౌంట్ చేస్తారు. 4.43 కోట్లు వస్తుంది. అది ఎక్కువ. విస్తరణ హక్కు ప్లాంటు కంటే ఎన్నో రెట్లు ఊగుతుంది, కాబట్టి దాని రిస్కుకు ప్లాంటు రేటు చాలదు. సరైన రేటు వెతకబోతే దాదాపు 24.8 శాతం తేలుతుంది, కానీ ఆ రేటు ముందుగా ఎవరికీ తెలియదు. రిస్క్-న్యూట్రల్ సంభావ్యత ఆ వెతుకులాటనే తప్పిస్తుంది. దాన్ని q అందాం. రిస్కు లేని వడ్డీ 7 శాతం అయితే:

q = (1.07 − 0.80) / (1.25 − 0.80) = 0.60

మార్కెట్ పెరిగే అవకాశం 60 శాతమని దీని అర్థం కాదు. ప్లాంటులో కొంత వాటా, కొంత అప్పు కలిపి ఈ హక్కునే తయారుచేసుకోగలిగితే ఎంత ఖర్చవుతుందో చెప్పే బరువు అది. రెండుసార్లూ పైకి వెళ్లే బరువు 0.36. దాన్ని 11.25తో గుణించి, రెండేళ్ల 7 శాతంతో తగ్గిస్తే 3.54 కోట్లు. లోటు రెండు కోట్లు పోను 1.54 కోట్లు మిగులు. ప్లాంటు కట్టాల్సిందే. q సున్నాకూ ఒకటికీ మధ్య రాకపోతే, వేసుకున్న హెచ్చుతగ్గులే తప్పు. ఉదాహరణకు పైకొమ్మ పెరుగుదల 5 శాతమే అని వేస్తే, బ్యాంకు డిపాజిట్ కంటే తక్కువిచ్చే ప్లాంటును ఎవరూ ఎందుకు కడతారు?

ప్లాంటు వాటాలు బజారులో అమ్ముడుపోవు, మరి ఈ లెక్క ఎలా చెల్లుతుందని బ్యాంకర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే 40 కోట్లు అనే అంకె కూడా, ప్లాంటు బజారులో అమ్ముడైతే ఎంత పలుకుతుందన్న ఊహ మీదే నిలబడింది. దాన్ని నమ్మినవారు, దాని మీద కట్టిన హక్కును కాదనలేరు.

నాకు నిజంగా భయం వేసేది వేరేచోట. పై లెక్కలో రెండేళ్లూ నిర్మాణ కాలమే, డబ్బు బయటికి పోదు. ప్లాంటు అప్పటికే నడుస్తూ ఏటా దాని విలువలో 4.5 శాతం యజమాని తీసుకుపోతుంటే q 0.50కి పడిపోతుంది, హక్కు విలువ 2.46 కోట్లకు దిగుతుంది. మిగులు 46 లక్షలే. అంతకంటే పెద్ద ప్రమాదం పక్క స్థలం చేజారడం. అది వేరొకరికి వెళ్తే చెట్టు కొమ్మలన్నీ ఉత్తివే, మైనస్ రెండు కోట్లే నిజం.

అందుకే ఈ చర్చ చివరికి భూమి దగ్గరికి వస్తుంది. పరిశ్రమలకు ఇచ్చే స్థలాలకు నిర్ణీత గడువులో కట్టాలన్న షరతు పెడతారు. భూమిని ఊరికే పట్టుకుని కూర్చునేవారిని ఆపడానికి అది అవసరమే. కానీ అదే షరతు, ఎదురుచూసే హక్కును కూడా చంపేస్తుంది. యజమాని తొందరపడి రెండో దశ కడతాడు, లేదా స్థలం వదులుకుంటాడు. రుసుము తీసుకుని పక్క స్థలాన్ని రెండేళ్లు అట్టేపెట్టే పద్ధతి విశాఖలో రావాలి. మన ప్లాంటు యజమాని ఆ రుసుము కింద 1.54 కోట్ల వరకూ ఇవ్వగలడు. అంతకు మించి అడిగితే మాత్రం ఫైలు మూసేయడమే సరైనది.