ఈమధ్య అందరూ ఫార్వర్డ్ చేస్తున్న ఈ కింది సంభాషణలో రెండో విద్యార్థి అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడు?

‘ఎకనామిక్స్ అసైన్‌మెంట్‌కి రెడీమేడ్ సంభాషణ.
విద్యార్థి 1: దేశం 7 శాతం పెరిగితే పేదవాడి ఆదాయమూ 7 శాతం పెరుగుతుంది. పేదరికం పోవడానికి వృద్ధి ఒక్కటి చాలు.
విద్యార్థి 2: మరి పథకాలు?
విద్యార్థి 1: చైనా పథకాలతో ఎదిగిందా? మన దగ్గరా పేదరికం తగ్గింది వృద్ధి బాగున్న ఏళ్లలోనే. పథకాలు జనాన్ని సోమరుల్ని చేస్తాయి.
విద్యార్థి 2: అవును, నువ్వు చెప్పిందే నిజం!
అందరికీ పంపండి.’

బీఎడ్ చేస్తున్న పిల్లలు పంపుతున్నారు. వాళ్లకి పాఠం చెప్పే మిత్రులు కూడా ‘బాగుంది, వాడుకోండి’ అంటూ పంపుతున్నారు. ఇద్దరు విద్యార్థుల మధ్య చర్చ రాయమంటే, ఒకడు ప్రసంగిస్తాడు, ఇంకొకడు తలూపుతాడు. ఇలాంటిది రేపు తరగతిలో చదివి వినిపిస్తే నలభై మంది పిల్లలు అదే నేర్చుకుంటారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

సోమరితనం మాట రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అందులో కూలి లెక్కగట్టింది తవ్విన మట్టిని కొలిచి. వేసవి ఎండలో కందకం తవ్వి, కొలతలు తేలాక, డబ్బు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసిన మనిషిని సోమరి అనడానికి నోరెలా వస్తుంది?

చైనా సంగతి. అక్కడ 1978 తర్వాత ఉమ్మడి సాగు నడిపిన కమ్యూన్లు రద్దు చేసి, సాగుభూమిని కుటుంబాలకు ఇంచుమించు సమానంగా పంచారు. ప్రభుత్వం పంట కొనే ధరలు పెంచింది. పేదరికం అన్నిటికంటే వేగంగా పడిపోయింది 1980ల తొలి ఏళ్లలో, అదీ పొలాల వల్ల. ఫ్యాక్టరీలు, ఎగుమతుల హోరు ఆ తర్వాత వచ్చింది. రావల్లియన్, చెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క కట్టి చెప్పిందేమిటంటే, అక్కడ పేదరికాన్ని తగ్గించడంలో పరిశ్రమలు, సేవల వృద్ధి కంటే వ్యవసాయ వృద్ధి దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ పనిచేసింది. అందరి చేతిలో కాస్త భూమి ఉన్నచోట వ్యవసాయం పెరిగితే అందరికీ అందుతుంది. భూమి లేని కూలీకి, కాగితం లేని కౌలు రైతుకి అదే వృద్ధి అలాగే అందుతుందా? రెండో విద్యార్థి అడగాల్సిన ప్రశ్న ఇది. అడగలేదు.

వృద్ధి ఒక్కటే చాలుననుకుంటే ఈక్వటోరియల్ గినీని చూడండి. 1990ల మధ్యలో చమురు దొరికింది, తలసరి ఆదాయం ఆఫ్రికాలోనే పైవరసకు చేరింది. 2006లో చూస్తే జనాభాలో సగానికి పైగా పేదరికంలోనే ఉన్నారు.

ఇక అసలు నష్టం చేసే మాట మొదటి విద్యార్థి మొదటి వాక్యంలోనే ఉంది. పేదలంటే ఒకచోట కదలకుండా నిలబడ్డ గుంపు అన్నట్టు, ఆదాయం పెరిగేకొద్దీ అందరూ వరసగా పేదరికపు గీత దాటిపోతారన్నట్టు ఉంది ఆ మాట. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల్లోని 36 గ్రామాల్లో ఇంటింటి చరిత్ర సేకరించి, 2006లో ఫలితాలు ప్రచురించారు. పాతికేళ్లలో 14 శాతం కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయి. అదే కాలంలో, అవే ఊళ్లలో, 12 శాతం కుటుంబాలు కొత్తగా పేదరికంలో పడ్డాయి. సగటు చూసేవాడికి తేడా రెండు శాతమే కనిపిస్తుంది. పైకెక్కిన వాళ్లూ కనపడరు, జారిపడిన వాళ్లూ కనపడరు. జారిపడటానికి ఎక్కువగా కనిపించిన కారణం జబ్బు, దాని ఖర్చు. ఆ వెనకే అధిక వడ్డీ అప్పులు, పెళ్లిళ్లు, చావుల ఖర్చు, కరువు. అంటే పైకెక్కే దారి వేరు, కిందపడే దారి వేరు. కూలి రేటు పెరిగితే ఎక్కడం సులువవుతుంది. కానీ ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడితే ఆ పెరిగిన రేటు ఎవరు తెచ్చుకోవాలి?

నేనైతే రెండో విద్యార్థి చేత మొదటివాడిని ఇలా అడిగిస్తాను.

‘ఐదుగురున్న ఇల్లు. నెలకి 4,800 ఖర్చు పెడుతున్నారు. తలకి ఎంత?’
‘960.’
‘2011-12లో పల్లెలకి టెండూల్కర్ కమిటీ పద్ధతిలో వేసిన పేదరికపు గీత నెలకి తలకి 816. అంటే వీళ్లు పేదలు కారు. ఇప్పుడు నువ్వన్న 7 శాతం మొత్తం వీళ్లకే ఇచ్చేద్దాం.’
‘336 పెరుగుతుంది. 5,136.’
‘తండ్రికి ఆపరేషన్. 60,000 అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ.’
‘నెలకి 1,200... అసలు తీర్చకుండానే.’
‘మిగిలింది?’
‘3,936. తలకి 787.’
‘గీత కిందికి పోయారు. నీ 7 శాతం ఇచ్చిన తర్వాతే పోయారు.’

ఇందులో తండ్రి పనికి వెళ్లని నెలల కూలి కలపలేదు. ఇంకొకటి ఉంది. మన పేదరికం లెక్కలు ఇంటి ఖర్చుల సర్వే మీద నడుస్తాయి. ఆసుపత్రికి కట్టిన డబ్బు కూడా ఆ ఖర్చులో భాగమే. 60,000ని పన్నెండు నెలలకి, ఐదుగురికి పంచితే నెలకి తలకి వెయ్యి. అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించిన ఏడాది సర్వే వాళ్లు వచ్చి ఉంటే, ఆ ఇల్లు అంతకుముందుకంటే రెట్టింపు బాగున్నట్టు నమోదవుతుంది! వడ్డీ కట్టడానికి బియ్యం, కూరలు తగ్గించుకున్నప్పుడే అది పేద ఇల్లుగా తేలుతుంది. శాతాలు వల్లించే ముందు ఆ శాతం ఎలా తయారవుతుందో పిల్లలకి చెప్పరా?

అయితే ఫార్వర్డ్‌లో ఒక మాటని నేను కొట్టిపారేయలేను. మన దగ్గర పేదరికం వేగంగా తగ్గింది వృద్ధి జోరుగా ఉన్న ఏళ్లలోనే. అదే టెండూల్కర్ గీత ప్రకారం 1993-94లో 45.3 శాతం, 2004-05లో 37.2 శాతం, 2011-12కి 21.9 శాతం. చివరి ఏడేళ్లలో తగ్గుదల, అంతకుముందు పదకొండేళ్ల తగ్గుదల కంటే చాలా ఎక్కువ. పథకాలే అంతా చేశాయనే మిత్రులు ఈ అంకెల్ని దాటవేస్తున్నారు, అది తప్పు. కట్టడాల పనులు పెరిగి, కూలీలు పొలాల నుంచి అటు మళ్లారు. పొలం కూలి కూడా పెరిగింది. ఉపాధి హామీకి డబ్బు వచ్చిందే పెరిగిన పన్నుల నుంచి. కాకపోతే ఆ ఏళ్లలోనే ఉపాధి హామీ కూడా నడిచింది. రెండూ కలిసి నడిచిన కాలాన్ని చూపించి, ‘ఒక్కటే చాలు’ అని ఎలా రుజువు చేస్తారు?

కాబట్టి పథకాల వైపు మాట్లాడే రెండో విద్యార్థికీ పని తప్పదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీని చూపించి, ‘జబ్బు సమస్య తీరింది’ అని అతని చేత అనిపించకండి. పెద్ద ఆపరేషన్ల భారం అది చాలామందికి తగ్గించింది. కానీ అది ప్రధానంగా జాబితాలో ఉన్న ఆసుపత్రి చికిత్సల కోసం. బీపీకి, షుగర్‌కి నెలనెలా కొనే మాత్రలు, బయట చేయించే పరీక్షలు, పోగొట్టుకున్న కూలి చాలావరకు ఇంటి మీదే పడతాయి. మొదటి విద్యార్థి అతన్ని అక్కడ నిలదీయాలి. ‘ఆ ఖర్చుకి ప్రభుత్వం దగ్గర డబ్బు ఎక్కడిది?’ అని కూడా అడగాలి. అతను జవాబు చెప్పలేకపోతే అసైన్‌మెంట్‌లో చెప్పలేకపోయాడనే రాయండి, నేను మార్కులు తగ్గించను.